తార్నాకకా, మియాపూర్‌కా?

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రెండు లైన్లు కలుస్తాయి. నీలం లైన్‌లో తూర్పుకు వెళ్తే తార్నాక వస్తుంది. అక్కడ భారత రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, దానికి దగ్గర్లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. పంజాగుట్ట మీదుగా వచ్చే ఎరుపు లైన్ చివరిదాకా వెళ్తే మియాపూర్. అటుపైన బొల్లారం రోడ్డు, బాచుపల్లి వైపు మందుల కంపెనీల ప్రయోగశాలలు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేతబట్టుకుని ఈ చుట్టుపక్కల హాస్టళ్లలో దిగే పిల్లలకు ఈ రెండు దారుల్లో ఏది ఎక్కాలన్నదే సమస్య. ఒక సందులో నెట్ కోచింగ్, పక్క సందులో హెచ్‌పీఎల్‌సీ శిక్షణ, రెండూ కుదరనివాళ్ల కోసం మూడో సందులో జావా. మూడో సందుకు వెళ్లినవాళ్లు కెమిస్ట్రీకి తిరిగిరారు కాబట్టి వాళ్ల సంగతి ఇక్కడ వదిలేద్దాం.

ఈ పేటకు రసాయనాలతో సంబంధం కొత్తది కాదు. డాక్టర్ రెడ్డీస్, అరబిందో, దివీస్ మూడూ ఒకప్పుడు తమ ఆఫీసు చిరునామాగా అమీర్‌పేటనే రాసుకున్నాయి. మొదటి కంపెనీని 1984లో పెట్టిన కల్లం అంజిరెడ్డి పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేసి, ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి వచ్చినవారు. 1986లో మొదలైన అరబిందో వ్యవస్థాపకుల్లో ఒకరైన నిత్యానందరెడ్డిది ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీజీ. అంటే ఎవరికి కావలసిన ఉదాహరణ వారికి ఇదే పేటలో దొరుకుతుంది. గెలిచినవాళ్ల జీవిత చరిత్రలతో ఈ ప్రశ్న తేలదు.

తేలాలంటే ముందు డబ్బు లెక్క చూడాలి. పీహెచ్‌డీ అంటే ఐదేళ్ల సంపాదన వదులుకోవడమని ఇంట్లో పెద్దలు అంటారు. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్ల విషయంలో ఆ మాట నిజం కాదు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37 వేలు, రెండేళ్లయ్యాక కమిటీ పని చూసి ఎస్‌ఆర్‌ఎఫ్‌గా మారిస్తే 42 వేలు. మొదటి రెండేళ్లూ, తర్వాతి మూడేళ్లూ కలిపితే సరిగ్గా 24 లక్షలు. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. ఇప్పుడు కంపెనీలో ట్రైనీగా చేరిన స్నేహితుడిని తీసుకుందాం. జీతం నెలకు 25 వేలతో మొదలై ఏటా పది శాతం పెరిగిందనుకున్నా ఐదేళ్లకు చేతికొచ్చేది పద్దెనిమిది లక్షల పైచిలుకే. ఫెలోషిప్ సొమ్ము నెలల తరబడి ఆలస్యం కావడం, ఆ నెలల్లో ఇంటినుంచే డబ్బు తెప్పించుకోవడం పరిశోధక విద్యార్థులకు కొత్త కాదు. అయినా మొత్తం మీద జేఆర్‌ఎఫ్ పరిశోధకుడే ముందుంటాడు.

జేఆర్‌ఎఫ్ రాకపోతే కథ తలకిందులవుతుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేకుండా పీహెచ్‌డీలో చేరినవారికి ఇస్తున్న ఫెలోషిప్ చాలా ఏళ్లుగా నెలకు 8 వేల దగ్గరే ఉంది. ఐదేళ్లూ అందినా 4 లక్షల 80 వేలే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అదికూడా లేనివారు ఎందరో. అసలు గీత పీహెచ్‌డీకీ ఉద్యోగానికీ మధ్య లేదు, జేఆర్‌ఎఫ్ ఉన్న పీహెచ్‌డీకీ లేని పీహెచ్‌డీకీ మధ్య ఉంది. ‘నెట్ కొట్టాను’ అని పిల్లలు చెప్పినప్పుడు అది జేఆర్‌ఎఫ్‌తోనా, లెక్చరర్‌షిప్ వరకేనా అని అడగాలి. రెండో దాంట్లో నెలనెలా వచ్చే రూపాయి ఉండదు. ఇంటి భారం మోయాల్సినవాడు జేఆర్‌ఎఫ్ లేకుండా పూర్తికాలం పీహెచ్‌డీలో చేరకూడదన్నది నా అభిప్రాయం. ఇది కటువుగా వినిపించవచ్చు. కానీ నాలుగో ఏట థీసిస్ మధ్యలో వదిలేసి, వయసు మీరిన ఫ్రెషర్‌గా వాక్-ఇన్ ఇంటర్వ్యూ వరసలో నిలబడటం ఇంతకంటే కటువు.

డబ్బు లెక్క కుదిరినవాళ్లకు రెండో ప్రశ్న మిగులుతుంది. ఐదేళ్లు ల్యాబ్‌లో కూర్చుంటే అబ్బేదేమిటి, అది కంపెనీలో అబ్బదా? దీనికి జవాబు మన హైదరాబాద్‌ను కూడా తాకిన ఒక ఉదంతంలో కనిపిస్తుంది.

వల్సార్టాన్ రక్తపోటు మందు. దాని అణువులో టెట్రజోల్ అనే వలయం ఉంటుంది. ఆ వలయం కట్టడానికి అజైడ్ కావాలి. చైనాకు చెందిన జెజియాంగ్ హువాహై కంపెనీ ఈ మెట్టును మార్చి, డీఎంఎఫ్ అనే ద్రావణిలో జింక్ క్లోరైడ్‌తో చేయడం మొదలుపెట్టింది. పని చివర మిగిలిపోయిన అజైడ్‌ను అలాగే ఉంచకూడదు. అది విషం, పేలుడు ప్రమాదం కూడా. అందుకని ఆమ్లంలో సోడియం నైట్రైట్ వేసి దాన్ని చంపుతారు. ఇంతవరకూ పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అయితే డీఎంఎఫ్‌లో కొద్దిగా డైమిథైల్ అమీన్ ఉంటుంది, వేడికి ఇంకొంత పుడుతుంది. నైట్రైట్‌నుంచి వచ్చిన నైట్రస్ ఆమ్లం ఆ అమీన్‌తో కలిస్తే ఎన్‌డీఎంఏ తయారవుతుంది. అది క్యాన్సర్ కారకం కావచ్చని పరిగణించే పదార్థం. 2018 జూలైలో ఈ సంగతి బయటపడి ప్రపంచమంతటా మాత్రలు వెనక్కి తీసుకున్నారు. ఆగస్టులో హైదరాబాద్‌లోని హెటెరో ల్యాబ్స్ తయారుచేసిన వల్సార్టాన్ మాత్రలు కూడా ఎన్‌డీఎంఏ ఆనవాళ్ల కారణంగా అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి వచ్చాయి.

అన్ని పరీక్షలు చేసే పరిశ్రమ దీన్నెలా చూడలేకపోయింది? మామూలుగా ఏపీఐలో గుర్తు తెలియని మలినం 0.10 శాతం దాటితే అదేమిటో తేల్చాలి. 0.10 శాతమంటే పది లక్షల భాగాలకు వెయ్యి. ఎన్‌డీఎంఏకి రోజుకు అనుమతించే మోతాదు 96 నానోగ్రాములు. రోజుకు 320 మిల్లీగ్రాముల వల్సార్టాన్ వేసుకునే రోగికి లెక్కగడితే, అది పది లక్షల భాగాలకు 0.3 మాత్రమే. మామూలు గీతకు మూడు వేల రెట్లు కింద ఉన్నదన్నమాట. అతినీలలోహిత కాంతితో చూసే రోజువారీ హెచ్‌పీఎల్‌సీ పద్ధతి మందును పోలిన మలినాలను పట్టడానికి తయారైంది. ఇంత చిన్న అణువును ఇంత తక్కువ మోతాదులో పట్టాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్ తగిలించిన పరికరం కావాలి. దాన్ని వాడాలని తోచాలంటే ఎన్‌డీఎంఏ ఉండవచ్చని ఎవరో ఒకరు ముందుగా కాగితం మీద ఊహించి ఉండాలి.

ఆ ఊహే ఇక్కడ అసలు విషయం. బ్యాచ్ రికార్డులో ‘నైట్రైట్ కలుపు, అరగంట కలియబెట్టు, అజైడ్ లేదని పరీక్షించు’ అని ఉంటే, షిఫ్ట్‌లో ఉన్న కెమిస్టు పని ఆ మూడూ తప్పు లేకుండా చేయడం. ‘ఈ కుండలో ఉన్న ప్రతి పదార్థం ప్రతి ఇతర పదార్థంతో ఏం చేయగలదు?’ అని అడిగే తీరిక, హక్కు అతనికి ఉండవు. మంచి పీహెచ్‌డీలో అదే ప్రశ్నను నెలల తరబడి అడగనిస్తారు. టీఎల్‌సీ మీద అక్కర్లేని చుక్క ఒకటి కనబడితే దాన్ని విడదీసి, ఎన్‌ఎంఆర్ తీసి, ఎలా పుట్టిందో రాసేదాకా గైడ్ వదలడు. దిగుబడి పెరగకపోయినా ఆ పని వృథా అనరు. అంతమాత్రాన పీహెచ్‌డీ ఉన్నవాళ్లయితే 2018ని తప్పించేవారని నేను అనను. మార్చిన పద్ధతి కాగితాలు చూసి ఆమోదించిన నియంత్రణ సంస్థల నిపుణులకూ అది తట్టలేదు. డిగ్రీ ఆ చూపుకు హామీ ఇవ్వదు, అది అలవడేంత సమయం మాత్రం ఇస్తుంది.

ఆ సమయం ఇవ్వని పీహెచ్‌డీలూ ఉన్నాయి. పాత చర్యకు కొత్త ఉత్ప్రేరకం ఒకటి పట్టుకుని, బెంజీన్ వలయం మీద ఒకచోట మిథైల్, మరోచోట క్లోరో మార్చుకుంటూ ముప్ఫై సమ్మేళనాల పట్టిక నింపి పేపరు వేసే ల్యాబ్‌లో ఐదేళ్లు గడిపితే, కంపెనీలో ఐదేళ్లు స్కేలప్ చూసినవాడి కంటే తక్కువే నేర్చుకుంటారు. చేరబోయే ల్యాబ్‌నుంచి వచ్చిన చివరి నాలుగైదు థీసిస్‌లు తిరగేస్తే ఇది తెలిసిపోతుంది. పని చేయని చర్యల గురించి, ఎందుకు చేయలేదన్నదాని గురించి ఒక్క పేజీ కూడా లేకపోతే అనుమానించాలి.

హైదరాబాద్‌లో చాలాకాలంగా మూడో దారి ఒకటి నడుస్తోంది. కోచింగ్ సెంటర్లలో దాని గురించి పెద్దగా చెప్పరు. కంపెనీ ఆర్‌అండ్‌డీలో పనిచేస్తూనే కూకట్‌పల్లి జేఎన్‌టీయూ వంటి చోట పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి నమోదు కావడం. మియాపూర్, బాచుపల్లి ల్యాబ్‌ల పేరు, జేఎన్‌టీయూ పేరు పక్కపక్కనే ఉన్న ప్రాసెస్ కెమిస్ట్రీ పేపర్లు అంతర్జాతీయ పత్రికల్లో చాలానే వచ్చాయి. యూజీసీ 2022 నిబంధనలు కూడా దీన్ని అంగీకరిస్తాయి. యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, పరిశోధనకు సమయం ఇస్తామని అందులో ఉండాలి, కోర్స్‌వర్క్ పూర్తిచేయాలి. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, అవసరమైతే మరో రెండేళ్లు. జీతం ఆగదు. పాఠ్యపుస్తకంలో లేని నిజమైన సమస్యలు రోజూ బల్లమీదికే వస్తాయి.

ఈ దారికి ఇబ్బందులూ ఉన్నాయి. కంపెనీ పేటెంట్ దాఖలు చేసేదాకా ఫలితాన్ని బయట పెట్టకూడదు, పెడితే కొత్తదనం పోయి పేటెంటే రాదు. కాబట్టి మంచి పని చాలావరకు థీసిస్‌కు ఆలస్యంగా అందుతుంది, కొంత అసలు అందదు. చివరికి థీసిస్‌లో మిగిలేది తరచుగా ఒక పాత మందుకు సంబంధించిన మలినాల తయారీ, గుర్తింపు. అది తక్కువ పనేమీ కాదు, వల్సార్టాన్ చెప్పినది అదే. అంతకంటే పెద్ద చిక్కు ఉద్యోగం మారినప్పుడు వస్తుంది. డేటా కంపెనీది. మూడేళ్ల పనిని పాత ల్యాబ్ నోట్‌బుక్కుల్లోనే వదిలి, కొత్తచోట కొత్త అంశంతో మొదలుపెట్టాల్సి రావచ్చు. రెండు మూడేళ్లకోసారి కంపెనీ మారితేనే జీతం పెరిగే ఊళ్లో ఇది చిన్న షరతు కాదు.

ఈ దారి తెరిచి ఉండాలంటే మొదటి ఉద్యోగం ఏ విభాగంలోనన్నది కంపెనీ పేరు కంటే ముఖ్యం. ప్రాసెస్ ఆర్‌అండ్‌డీలోనో, అనలిటికల్ డెవలప్‌మెంట్‌లోనో చేరినవాడికి నాలుగేళ్ల తర్వాత రాసుకోవడానికి ప్రశ్నలుంటాయి. క్యూసీలో మూడు షిఫ్టుల్లో వేరేవాళ్లు రాసిన పద్ధతితో నమూనాలు ఎక్కించేవాడికి, ప్రొడక్షన్‌లో రియాక్టర్ పక్కన బ్యాచ్ రికార్డు నింపేవాడికి అవి దొరకడం కష్టం. అక్కడినుంచి ఆర్‌అండ్‌డీకి మారడం ఏడాది లోపైతే సాధ్యమే కానీ, మూడేళ్లు దాటితే ‘క్యూసీ అనుభవం’ అన్న ముద్ర పడిపోతుంది. ఇంటర్వ్యూలో జీతం ఎంతని అడగడానికి మొహమాటపడని పిల్లలు ఏ విభాగమని, నిరభ్యంతర పత్రం ఎన్నేళ్ల సర్వీసు తర్వాత ఇస్తారని, ఇప్పటివరకు అక్కడ ఎంతమంది అలా థీసిస్ సమర్పించారని కూడా అడగాలి. మూడో ప్రశ్నకు హెచ్‌ఆర్ దగ్గర సమాధానం లేకపోతే, ఆ కంపెనీ విషయంలో మూడో దారి లేనట్టే లెక్కవేసుకుని, తార్నాక వైపు ఉన్న అవకాశంతో పోల్చుకోవాలి.