పదకొండు నెలలకు సున్నా

ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఈ మధ్య మన తెలుగువారిలో జరుగుతున్న చర్చంతా రెండే మాటల చుట్టూ తిరుగుతోంది. ఏ బ్యాంకు పావు శాతం ఎక్కువిస్తోంది, పన్ను ఎంత కోస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చే వీడియోలు చూసి సుంగై సిపుట్‌లో ఉన్న పెద్దవాళ్లు కూడా టీడీఎస్ గురించీ 15జీ ఫారం గురించీ ఆరా తీస్తున్నారు. ఆ నియమాలు భారతదేశంలోని డిపాజిట్లకు. ఇక్కడ మలేషియాలో వ్యక్తుల బ్యాంకు డిపాజిట్ల వడ్డీకి 2008 ఆగస్టు 30 నుంచి పన్ను మినహాయింపు ఉంది, కాబట్టి రసీదు మీద పన్ను కోత కోసం వెతకనక్కర్లేదు. వెతకాల్సింది మరొకటి. గడువుకు ముందే డబ్బు తీస్తే వడ్డీ ఎంత అన్నది. దానికి జవాబు సున్నా.

2019 జనవరి 1కి ముందు ఇలా ఉండేది కాదు. మూడు నెలలు దాటిన డిపాజిట్‌ను మధ్యలో రద్దు చేసుకుంటే, నిండిన నెలలకు ఒప్పుకున్న రేటులో సగం వచ్చేది. ఆ తేదీ నుంచి వేసిన, తిరగరాసిన డిపాజిట్లకు ఆ సగం కూడా పోయింది. భారతదేశంలో సాధారణంగా డబ్బు ఉన్నంత కాలానికి వర్తించే రేటులో అర శాతమో ఒక శాతమో తగ్గించి మిగతా వడ్డీ ఇస్తారు. ఆ అలవాటుతోనే ‘ఏదో కాస్త కోస్తారులే’ అనుకుని మనవాళ్లు సంతకం చేస్తున్నారు.

లెక్క వేసి చూద్దాం. తోట పని మానేసిన ఒక పెద్దాయన 55 ఏళ్లకు ఈపీఎఫ్ నుంచి తీసిన సొమ్ములో 20,000 రింగిట్లను 12 నెలలకు, 2.5 శాతానికి వేశాడనుకోండి. గడువు తీరితే వడ్డీ 500, చేతికొచ్చేది 20,500. పదకొండు నెలలు నిండాక ఇంట్లో ఆపరేషన్‌కు 4,000 కావలసి వచ్చి మొత్తం రద్దు చేసుకున్నాడు. పాత నియమం ప్రకారం సుమారు 229 రింగిట్లు దక్కేవి. ఇప్పుడు సున్నా. కావలసింది 4,000, వడ్డీ పోయింది మాత్రం 20,000 మీద.

వడ్డీని మధ్యమధ్యలో తీసుకునే పద్ధతిలో ఇంకా కష్టం. అదే సొమ్మును రెండేళ్లకు వేసి ఆరునెలలకోసారి 250 చొప్పున తీసుకుంటూ ఉంటే, ఏడాదిన్నరకు 750 ఖర్చయిపోయి ఉంటుంది. ఇరవయ్యో నెలలో రద్దు చేస్తే, ఇచ్చిన వడ్డీని అసలులోంచి పట్టుకునే నిబంధన ఉన్నచోట, చేతికి వచ్చేది 19,250. అసలుకు ఢోకా లేదని నమ్మి దాచుకున్న మనిషికి అసలే తగ్గి కనిపిస్తుంది. పీఐడీఎం బీమా రెండున్నర లక్షల రింగిట్ల దాకా ఉంది కదా అనకండి, అది బ్యాంకు మూతపడితే ఆదుకునేది.

గడువు లెక్క మీద ఆధారపడే బ్యాంకులు అప్పులిస్తాయి, అందరూ మధ్యలో తీసేస్తే ఎలా అని ఈ నియమాన్ని సమర్థించేవారు అంటారు. గడువుకు విలువుండాలన్నది ఒప్పుకుంటాను. రేటు పెరగగానే పరిగెత్తేవాడికీ ఆస్పత్రి బిల్లు కట్టేవాడికీ ఒకే సున్నా ఎందుకన్నదానికి మాత్రం వాళ్ల దగ్గర జవాబు లేదు. పదకొండు నెలలు ఆ డబ్బును బ్యాంకు వాడుకుంది. దానికి ఒక్క సెన్ కూడా ఇవ్వకపోవడం న్యాయం కాదు.

సుంగై సిపుట్ మనిషి తున్ సంబంధన్ 1960లో తోట కార్మికుల చిన్న చిన్న వాటాలు పోగేసి, తోటలు కొనే సహకార సంఘాన్ని నిలబెట్టాడు. ఆ తరం పిల్లల పొదుపు విషయంలో మన సంఘాలు వడ్డీ రేట్ల పట్టికలు పంచి ఊరుకోవడం నాకు కోపం తెప్పిస్తోంది. 2.5కీ 2.75కీ తేడా 20,000 మీద ఏడాదికి 50 రింగిట్లు. మధ్యలో రద్దు చేస్తే పోయేది మొత్తం 500. ఏది ముందు చెప్పాలి?

కాబట్టి ఒకే రసీదు వద్దు. ఆ 20,000ను 5,000 చొప్పున నాలుగు రసీదులుగా వేసి ఉంటే, ఆ పెద్దాయన ఒక్కటే రద్దు చేసి, 125 మాత్రమే పోగొట్టుకుని, మిగతా 375 గడువుకు తీసుకునేవాడు. కొన్ని బ్యాంకులు డిపాజిట్‌లో కొంతభాగమే తీయనిస్తాయి, అడిగి రాయించుకోండి. గడువు తేదీన ఏం చేయాలో కూడా రసీదు మీద చూడండి. తనంతట తానే తిరగరాసుకునేలా ఉంటే, ప్రత్యేక రేటు పోయి ఆ రోజు మామూలు రేటుకు మరో ఏడాది బిగుసుకుంటుంది. అక్కడ కూడా మధ్యలో తీస్తే సున్నాయే.

బ్యాంక్ నెగారాను అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. వైద్య ఖర్చుకో, డిపాజిట్‌దారు మరణానికో రద్దయిన డిపాజిట్లకు ఆ పాత సగం వడ్డీని అన్ని బ్యాంకులూ తప్పనిసరిగా ఇచ్చేలా చూడాలి. అది జరిగేదాకా ‘గడువుకు ముందు తీస్తే వడ్డీ లేదు’ అన్న వాక్యాన్ని వడ్డీ రేటు పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, రసీదు మీద మలయ్‌లోనూ ఇంగ్లీషులోనూ అచ్చు వేయించాలి. మన సంఘాల పెద్దలు ఈ రెండు కోరికలతో ఉత్తరం రాయాలి, ఈ నెలలోనే.