తిట్టు వెనుక ఓడ లేదు

ఇంగ్లిష్‌లో మన పిల్లలు తొందరగా పట్టేసే తిట్టు ‘షిట్’. దాని పుట్టుక గురించి ఒక కథ ఫోన్లలో తిరుగుతుంటుంది. పూర్వం ఎండిన పేడను ఎరువు కోసం ఓడల్లో పంపేవారట. అడుగు అరలో నీరు తగిలి అది పులిసి, మీథేన్ వాయువు పుట్టేదట. ఎవరో లాంతరుతో కిందికి దిగగానే ఓడ పేలిపోయేదట. అందుకని మూటల మీద ‘షిప్ హై ఇన్ ట్రాన్సిట్’, అంటే ‘ప్రయాణంలో పై అరలో ఉంచండి’ అని రాసేవారట. ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలే ఈ తిట్టు అయిందట!

తరగతిలో ఎవరైనా ఈ కథ ఎత్తితే చాలామంది ఉపాధ్యాయులు ‘ఛీ, నోర్మూయ్’ అని ఊరుకుంటారు. దాంతో నోరు మూతపడుతుంది గానీ అబద్ధం బతికే ఉంటుంది. కథను అక్కడికక్కడే పరీక్షించడం మేలని నా అభిప్రాయం.

పదచరిత్రకారులు ముందు చూసేది కాలం. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లోనే విరేచనాలకు ‘షిట్టె’ అనే మాట ఉంది. 14వ శతాబ్దం చివర చాసర్ తన ‘కాంటర్‌బరీ కథల’ ముందుమాటలో మురికి అంటిన గొర్రెల కాపరిని వర్ణిస్తూ ఈ మాట రూపాన్నే వాడాడు. అప్పటికి ఎరువు ఓడలూ లేవు, వాటి మీద ముద్రలూ లేవు.

రెండోది చుట్టరికం. ఇదే అర్థంతో జర్మన్‌లో ‘షైసె’ ఉంది. డచ్, ఐస్‌లాండిక్ భాషల్లోనూ దీని తోబుట్టువులున్నాయి. ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. మనం ‘చెవి’ అంటే కన్నడిగులు ‘కివి’ అంటారు, తమిళులు ‘సెవి’ అంటారు. మూడింటికీ మూలం ఒకటే. ఆ ఇంగ్లిష్ తిట్టు నిజంగా ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలతో పుట్టి ఉంటే, పక్క భాషల్లో దానికి అంత పాత బంధువులు ఎలా ఉంటారు?

మూడోది అలవాటు. మొదటి అక్షరాలను కలిపి ఒకే మాటగా పలకడం ఇంగ్లిష్‌లో 20వ శతాబ్దానికి ముందు బహు అరుదు. అలా పుట్టిన మాటలు లేకపోలేదు. ‘రేడియో డిటెక్షన్ అండ్ రేంజింగ్’ నుంచి 1940 ప్రాంతంలో ‘రాడార్’ వచ్చింది. అయితే దాని పూర్తి పేరు ఆనాటి కాగితాల్లోనే కనిపిస్తుంది. తిట్టు కథకు అలాంటి ఆధారం లేదు. మాట ముందు పుట్టింది, విస్తరణ తర్వాత అతికించారు.

ఇదే పరీక్షను రేపు తరగతిలో మరో మాట మీద పెట్టి చూడండి. ‘న్యూస్’ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అని మనమే పిల్లలకు చెబుతుంటాం. నిజానికి అది ‘కొత్త’ అనే అర్థమున్న ‘న్యూ’కు బహువచనం మాత్రమే. తిట్టు కథను నమ్మిన పిల్లవాణ్ని మందలించే ముందు, మనం పాఠంగా చెప్పిన ఈ కథను దిద్దుకోవాలి.