స్కూల్ ప్రాజెక్ట్ వీడియోకి ఏ ఎడిటర్? ఫీచర్లు తర్వాత, ముందు ఎక్స్‌పోర్ట్ చూడండి

మొన్నామధ్య రాత్రి తొమ్మిదిన్నరకి మా బాబాయ్ కొడుకు ఫోన్ చేశాడు. వాడు పదో తరగతి. "అన్నా, వీడియో సేవ్ అవ్వట్లేదు. 80 పర్సెంట్ దగ్గర ఆగిపోతోంది. రేపు పొద్దున్నే సబ్మిట్ చెయ్యాలి" అన్నాడు. ప్లాస్టిక్ బాటిల్‌తో వాటర్ ఫిల్టర్ చేసే సైన్స్ ప్రాజెక్ట్ అది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉన్న మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో రెండు సాయంత్రాలు కూర్చుని ఎడిట్ చేశాడు.

నేనేదో పెద్ద ఇంజనీర్‌ని కదా, ఆలోచించకుండా "యాప్ అప్‌డేట్ చెయ్యరా" అన్నాను. ప్లే స్టోర్‌లో ఇన్‌స్టాల్ అవ్వట్లేదన్నాడు. "సరే, పాతది తీసేసి మళ్లీ పెట్టు" అన్నాను. పెట్టాడు. ఓపెన్ చేసి చూస్తే ప్రాజెక్ట్ లేదు. కట్స్, టైటిల్స్, యాప్‌లోనే రికార్డ్ చేసిన వాయిస్ అన్నీ పోయాయి. అప్పుడు నెమ్మదిగా చెప్పాడు, "అన్నా, అది టెలిగ్రామ్‌లో దొరికిన మాడ్ వెర్షన్" అని.

తప్పు వాడి కంటే నాదే ఎక్కువ. అడగాల్సిన మొదటి ప్రశ్న నేను అడగలేదు. ఆ రాత్రి నాకు అర్థమైంది ఒకటే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఎడిటర్ ఎంచుకునేటప్పుడు మనం తప్పుడు వైపు నుంచి చూస్తున్నాం. "టాప్ 10 ఎడిటర్లు" లిస్టుల్లో ట్రాన్సిషన్లు, ఫిల్టర్లు, క్రోమా కీ లెక్కపెడతారు. స్కూల్ ప్రాజెక్ట్‌కి కావాల్సింది అవేవీ కాదు. మీ ఫోన్‌లో, వాటర్‌మార్క్ లేకుండా, తెలుగు సరిగ్గా కనిపిస్తూ, ఫైల్ చివరిదాకా బయటికి రావాలి. అంతే.

ముందు మాడ్ సంగతి. పిల్లలు మాడ్ ఎందుకు వేసుకుంటారు? వాటర్‌మార్క్ పోవడానికి. కైన్‌మాస్టర్ లాంటి యాప్స్‌లో ఫ్రీ వెర్షన్‌లో వీడియో మీద లోగో పడుతుంది. దాన్ని తప్పించుకోవడానికి మాడ్ వెతుకుతారు. కానీ ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ డెవలపర్ డిజిటల్ సంతకం ఉంటుంది. మాడ్ చేసినవాడు యాప్‌ని విప్పి మళ్లీ ప్యాక్ చేసి తన సంతకం పెడతాడు. రెండు సంతకాలు కలవవు కాబట్టి దాని మీద ఒరిజినల్ ఇన్‌స్టాల్ అవ్వదు, మాడ్ తీసెయ్యాల్సిందే. తీసేస్తే యాప్ సొంత ఫోల్డర్‌లో ఉన్న ప్రాజెక్టులు కూడా పోతాయి. పైగా మీ గ్యాలరీ, మైక్ పర్మిషన్ ఎవరో తెలియనివాడి చేతిలో పెట్టినట్టే. అసలు వాటర్‌మార్క్ లేని ఫ్రీ యాప్స్ ప్లే స్టోర్‌లోనే ఉన్నప్పుడు ఈ రిస్క్ దేనికి?

మరి 80 పర్సెంట్ దగ్గర ఎందుకు ఆగింది? స్టోరేజ్ చూడమన్నాను. ఖాళీగా ఉన్నది 300 ఎంబీ. మామూలు ఫోన్‌లో 1080పీ వీడియో ఒక నిమిషానికి సుమారు 120 నుంచి 130 ఎంబీ తింటుంది. మావాడు ఒకే సీన్ నాలుగైదు టేకులు తీసి, మొత్తం 24 నిమిషాల ఫుటేజ్ దాచుకున్నాడు. అంటే దాదాపు 3 జీబీ. ఎక్స్‌పోర్ట్ అయ్యేటప్పుడు ఎడిటర్ కొత్త ఫైల్ రాస్తుంది, మధ్యలో టెంపరరీ ఫైల్స్ కూడా పెట్టుకోవచ్చు. చోటు అయిపోతే ఆగిపోతుంది. యాప్ మార్చినా అదే జరిగేది. పనికిరాని టేకులు తీసేసి, కనీసం 2 జీబీ ఖాళీ చేశాకే మళ్లీ మొదలుపెట్టమన్నాను.

ఇక యాప్. క్యాప్‌కట్ ఇండియా ప్లే స్టోర్‌లో లేదు కాబట్టి ఆ మాట వదిలేద్దాం. ఇన్‌షాట్ బాగానే ఉంటుంది, కానీ ఫ్రీగా వాటర్‌మార్క్ తియ్యాలంటే యాడ్ చూడాలి. నా ఓటు వీఎన్‌కి. వాటర్‌మార్క్ పడదు, టైమ్‌లైన్‌లో ఆడియో, టెక్స్ట్ విడివిడిగా కనిపిస్తాయి, మన ఫాంట్ ఫైల్ మనమే ఇంపోర్ట్ చేసుకోవచ్చు. వీఎన్ మీ ఫోన్‌లో బరువుగా అనిపిస్తే యూకట్ చూడండి. అదీ వాటర్‌మార్క్ వెయ్యదు, ఇంకా సింపుల్‌గా ఉంటుంది.

ఫాంట్ ఎందుకంటారా? తెలుగులో టైటిల్ పెట్టినప్పుడు చాలా స్టైలిష్ ఫాంట్లలో తెలుగు అక్షరాలే ఉండవు. అప్పుడు డబ్బాలు కనిపిస్తాయి, లేదా ఏ ఫాంట్ నొక్కినా ఒకే రూపం వస్తుంది. కొన్నిచోట్ల ఒత్తులు విడిపోతాయి. చెక్ చెయ్యడానికి "శాస్త్రం" అని టైప్ చెయ్యండి. స కింద తవత్తు, రవత్తు సరిగ్గా అతుక్కుంటే పర్లేదు. లేకపోతే గూగుల్ ఫాంట్స్ నుంచి మండలి గానీ రామభద్ర గానీ డౌన్‌లోడ్ చేసి ఇంపోర్ట్ చేసుకోండి. ఎడిటర్‌లో బాగా కనిపించినా సరిపోదు, ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌లో ఇంకోసారి చూడాలి.

ఆ రాత్రి మేం చేసింది ఇదీ. క్లిప్స్ గ్యాలరీలో ఉన్నాయి కాబట్టి షూటింగ్ మళ్లీ అక్కర్లేదు. వాయిస్ మాత్రం ఈసారి ఫోన్ రికార్డర్ యాప్‌లో చెప్పించాను. అలా చేస్తే ఆ ఆడియో ఫైల్ ఎడిటర్ పోయినా ఉంటుంది. తర్వాత ముందు వాయిస్ టైమ్‌లైన్‌లో పెట్టి, దానికి తగ్గట్టు దూది, బొగ్గు, ఇసుక, గులకరాళ్లు వేసే క్లిప్స్ వరుసగా పేర్చాడు. ఒక వీడియో మీద ఇంకో వీడియో పెట్టొద్దన్నాను. ఒకేసారి రెండు మూడు వీడియోలు డీకోడ్ చెయ్యాల్సి వస్తే చిన్న ప్రాసెసర్ తడబడుతుంది, ప్రివ్యూ ఆగి ఆగి నడుస్తుంది. టెక్స్ట్, ఆడియోలకి అంత భారం ఉండదు.

వీడియో మూడున్నర నిమిషాలు వచ్చింది. ఎక్స్‌పోర్ట్‌లో 720పీ, 30 ఫ్రేమ్స్, బిట్‌రేట్ 4 ఎంబీపీఎస్ పెట్టించాను. లెక్క సులువే. 210 సెకన్లని 4తో గుణించి 8తో భాగిస్తే 105 ఎంబీ. బాటిల్, నీళ్లు, చేతులు చూపించే వీడియోకి అది చాలు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే ఇంకా కుదించేస్తుంది, చిన్న అక్షరాలు మసకబారతాయి. అందుకే డాక్యుమెంట్‌గా పంపమన్నాను. రాత్రి పన్నెండున్నరకి ఫైల్ వెళ్లింది.

అందుకే ఇప్పుడు ఎవరైనా "ఏ ఎడిటర్ బెస్ట్" అని అడిగితే పేరు చెప్పే ముందు ఒక పని చెప్తున్నా. ప్రాజెక్ట్ మొదలుపెట్టకముందే 30 సెకన్ల వీడియో తియ్యండి. మధ్యలో కట్ చేసి, "శాస్త్రం" అని టైటిల్ వేసి, కొంచెం వాయిస్ కలిపి, ఎక్స్‌పోర్ట్ చేసి గ్యాలరీలో చివరిదాకా చూడండి. లోగో ఉందా, చివర్లో యాప్ ప్రకటన క్లిప్ అతుక్కుందా, అక్షరాలు సరిగ్గా ఉన్నాయా, వాయిస్ పెదాలతో కలుస్తోందా చూసుకోండి. పది నిమిషాల పని. ఈ టెస్ట్‌లో పాసైన యాప్ ఏదైనా మీకు మంచి ఎడిటరే, నేను చెప్పిన వీఎన్ కాకపోయినా సరే.

మావాడి వీడియోకి మార్కులు ఎన్నొచ్చాయో ఇంకా చెప్పలేదు. మాడ్ మాత్రం మళ్లీ వెయ్యలేదట.