చాటింగూ సాక్ష్యమే... దాచుకునే పద్ధతి తెలిస్తే!

చివ్వెంల రైతు ఒకరు మిర్యాలగూడ మిల్లుకు 120 క్వింటాళ్ల సన్నవడ్లు అమ్మారనుకుందాం. క్వింటాలు 2,500 చొప్పున మొత్తం 3 లక్షలు. చేతికొచ్చింది లక్ష. మిగతా 2 లక్షలకు కాగితం లేదు, సంతకం లేదు. ఉన్నదల్లా వాట్సాప్‌లో మిల్లు యజమాని పంపిన ఒక్క మాట: 'సరుకు దిగింది. బాకీ రెండు లక్షలు పదిహేను రోజుల్ల ఇస్త'. ఆర్నెల్లు గడిచాక ఆయన అసలు బేరమే జరగలేదంటే? ఆ ఒక్క వాక్యం కోర్టులో నిలబడుతుందా?

నిలబడుతుంది. సంతకం చేసిన ఒప్పంద పత్రం లేకపోయినా, ఈమెయిళ్లలో ఒకరు షరతులు చెప్పి మరొకరు ఒప్పుకుంటే ఒప్పందం కుదిరినట్లేనని 2010లో ట్రైమెక్స్ - వేదాంత అల్యూమినియం వివాదంలో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడి సరుకు బాక్సైట్, ఇక్కడ వడ్లు. అంతే తేడా. అయితే ఆ సందేశం అసలుదేనని, మధ్యలో ఎవరూ మార్చలేదని చూపించాలి. చాలామంది తడబడేది ఇక్కడే.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ఈ సంగతి చూస్తుంది. పాత సాక్ష్య చట్టంలో ఇదే 65బి. చాట్ ప్రింటు తీసి ఇస్తే, దానితో పాటు నిర్ణీత నమూనాలో ఒక ధ్రువపత్రం జతచేయాలి. మొదటి భాగంలో ఫోను ఎవరిది, ఏ మోడల్, అందులోంచి ప్రతిని ఎలా తీశారన్న వివరాలు రాసి రైతు సంతకం చేయాలి. రెండో భాగం నిపుణుడు నింపాలి. అసలు ఫోన్‌నే యజమాని స్వయంగా బోనులో నిలబడి చూపిస్తే ధ్రువపత్రం అక్కర్లేదని పాత చట్టం కింద 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. కాబట్టి తగాదా తేలేదాకా ఆ ఫోన్‌ను అమ్మకండి, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి.

ఇక భద్రపరిచే పద్ధతి. ముందుగా ఆ చాట్‌లో సందేశాలు వాటంతటవే మాయమయ్యే ఏర్పాటు ఉందేమో చూసి, ఉంటే ఆపేయండి. తర్వాత చాట్ మెనూలోని Export chat నొక్కితే సంభాషణ అంతా ఒక టెక్స్ట్ ఫైలుగా వస్తుంది. దాన్ని మీ ఈమెయిల్‌కే పంపుకోండి. ఇక్కడో చిక్కుంది. ఆ ఫైల్లో అవతలివారి నంబరు కాకుండా మీరు ఫోన్‌లో దాచుకున్న పేరే కనిపిస్తుంది. 'మిల్లు సేటు' అని ఉంటే ఆ సేటు ఎవరని అడుగుతారు. అందుకే ఆ కాంటాక్టు తెరిచి, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ముఖ్యమైన సందేశం ఒక్కటే కాకుండా దాని ముందువీ వెనుకవీ తేదీలతో సహా వరసగా తీయండి. మధ్యలో తెగిన చాట్ చూస్తే అవతలి వకీలు ముందు అడిగేది 'దాచిందేమిటి?' అనే.

టెక్స్ట్ ఫైలును ఎవరైనా దిద్దవచ్చు. దిద్దలేదని చూపించేది హ్యాష్ విలువ. అది ఫైలుకు వేలిముద్ర వంటిది. ధ్రువపత్రంలోనూ దీన్ని రాయాలి. విండోస్ కంప్యూటర్‌లో ఆ ఫైలుకు chat.txt అని పేరు పెట్టి, అది ఉన్న ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా కొట్టాలి:

```
certutil -hashfile chat.txt SHA256
```

64 అక్షరాల వరస వస్తుంది. రాసిపెట్టుకోండి. ఫైల్లో ఒక్క కామా మారినా మళ్లీ కొట్టినప్పుడు ఆ వరస పూర్తిగా మారిపోతుంది. అయితే ఇది ఆ రోజు నుంచి ఫైలు మారలేదనే చెబుతుంది. అంతకుముందు మారలేదనడానికి ఫోనే ఆధారం.

ఈమెయిల్ అయితే ఫార్వర్డ్ చేసి సరిపెట్టుకోవద్దు. అది ఏ దారిన, ఎప్పుడు వచ్చిందో చెప్పే అసలు వివరాలు ఫార్వర్డ్‌లో పోతాయి. జీమెయిల్‌లో కంప్యూటర్ మీద ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో Download message నొక్కితే ఆ వివరాలతో సహా ఫైలు దిగుతుంది.

ఇంత చేసినా చాట్ ఒంటరి సాక్షే. 'ఆ ఫోన్ నా గుమస్తా దగ్గర ఉండింది' అని యజమాని అనవచ్చు. అప్పుడు తోడుకు వచ్చేవి వేబ్రిడ్జి కాటా చీటీ, లక్ష జమయినట్లు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్. కాటా చీటీ తేదీ, సందేశం తేదీ కలిస్తే ఆ మాట తేలిపోవడం కష్టం. ఇంకో సంగతి. చాట్‌లో రాసిన బాకీ ప్రామిసరీ నోటు కాదు, బాకీ ఉందనడానికి సాక్ష్యం మాత్రమే. అమ్మిన సరుకు సొమ్ము కోసం దావా వేయడానికి గడువు 3 ఏళ్లు. పై ఉదాహరణలో ఆ పదిహేను రోజులు ముగిసిన నాటి నుంచి లెక్క. ఫైళ్లు ఎంత భద్రంగా ఉన్నా ఆ గడువు దాటితే చేసేదేమీ ఉండదు. ఆలోపే వకీలును కలవండి!