ఉబ్బిన ఫోనును పరుపు కింద దాచకండి



ఇది నా తప్పుతోనే మొదలు పెడతాను. పోయిన ఎండాకాలం మా గ్యాంగ్‌లో స్టీల్ ఫిక్సర్ తమ్ముడు ఒకడు ఫోన్ చూపించి "అన్నా, స్క్రీన్ ఒక పక్క లేస్తుంది, జర ఒత్తితే సెట్ అయితదా?" అన్నాడు. గమ్ ఊడింది అనుకొని నేనే బొటనవేలితో ఒత్తి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాను. వాడు రాత్రి దాన్ని దిండు పక్కనే చార్జింగ్ పెట్టుకొని పడుకున్నాడు. రూమ్‌లో ఎనిమిది మంది, తలుపు ఒక్కటే. రెండు రోజులకు రిపేర్ షాపు మలయాళీ ఆయన వెనక మూత తీసి చూపిస్తే, లోపల బ్యాటరీ పూరీ లెక్క పొంగి ఉంది. ఊడింది గమ్ కాదు, బ్యాటరీయే స్క్రీన్‌ను పైకి తోసింది. ఏమీ కాలేదంటే అది మా అదృష్టం.

ఎందుకు ఉబ్బుతుంది? బ్యాటరీ అంటే గాలి చొరకుండా మూసిన పలుచని సంచి. అందులో రెండు రకాల రేకులు చుట్టి ఉంటాయి. వాటి మధ్య పలుచని ప్లాస్టిక్ పొర, మంటంటుకునే ద్రవం ఉంటాయి. వేడికి, పాతబడి, దెబ్బ తగిలి ఆ ద్రవం చెడిపోతే గ్యాస్ పుడుతుంది. బయటికి పోయే దారి లేక సంచి ఉబ్బుతుంది. నిండా చార్జ్ అయిన ఫోన్‌కు వేడి తగిలితే ఇంకా తొందరగా చెడుతుంది. మనం చేసేది అదే కదా! రాత్రంతా దిండు కింద చార్జింగ్, పగలంతా ఎండలో బ్యాగులో గానీ, బస్సు డాష్‌బోర్డు మీద గానీ పెడతాం. రేటు తక్కువని వేసే డూప్లికేట్ బ్యాటరీ అయితే ఇంకా భయం.

గుర్తు పట్టడం కష్టం కాదు. కవర్ తీసి ఫోన్‌ను చదునైన బల్ల మీద పెట్టండి. అది ఊగినా, వేలితో తిప్పితే బొంగరంలా తిరిగినా వెనక పొంగినట్టే. స్క్రీన్ అంచులో సందు, సందులోంచి వెలుతురు, ఒత్తకుండానే స్క్రీన్ మీద మచ్చ కూడా గుర్తులే. ల్యాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంది, నొక్కితే క్లిక్ కాదు, మూత సరిగా పడదు.

కనబడగానే చార్జర్ తీసేసి, స్విచ్ ఆఫ్ చేయండి. ఇంటికి ఇంకొక్క కాల్ అని మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు. పక్కవాడి ఫోన్ అడుక్కోండి. ఒత్తొద్దు, ఒత్తితే లోపలి పొర చిరిగి రేకులు కలిసి మంట లేవచ్చు. సూదితో గ్యాస్ తీద్దామని అస్సలు అనుకోవద్దు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. స్టీలు గిన్నెలో పొడి ఇసుక పోసి దాని మీద పెట్టి, బట్టలకు, మంచాలకు, వంట గ్యాస్‌కు దూరంగా, నీడలో, తలుపు దారికి అడ్డం కాకుండా ఉంచండి. గిన్నెకు మూత బిగించొద్దు.

షాపుకు తీసుకుపోయేటప్పుడు ప్యాంటు వెనక జేబులో వద్దు. చేరగానే "బ్యాటరీ ఫూల్ గయీ హై" అని ముందే చెప్పండి. చాలాసార్లు బ్యాటరీ మారిస్తే ఫోటోలు, నంబర్లు అలాగే ఉంటాయి, ఆ భయంతో దాచుకోకండి. పాత బ్యాటరీని షాపులోనే వదలండి. చెత్తడబ్బాలో వేస్తే చెత్త లారీలో నలిగి అంటుకోవచ్చు. ఊరికి పోతున్నాం, అక్కడ బాగు చేయిద్దాం అనుకుంటారేమో, ఉబ్బిన బ్యాటరీ విమానంలో చేతి బ్యాగులోనూ, లగేజీలోనూ పెట్టకూడదు.

బుస్సుమని శబ్దం వచ్చినా, ఘాటు వాసన వచ్చినా, పొగ వచ్చినా ముట్టుకోవద్దు. ఆ పొగ విషం. అందరినీ లేపి బయటికి రండి. యూఏఈలో ఫైర్ నంబర్ 997, సౌదీలో రియాద్, మక్కా, మదీనా, తూర్పు ప్రాంతాల్లో 911, మిగతా చోట్ల 998.

ఇక క్యాంపు బాస్‌లకు, నాలాంటి సూపర్‌వైజర్లకు ఒక మాట. ఉబ్బిన ఫోన్ చూపిస్తే తిట్టి ఫైన్ వేస్తే, రేపటి నుంచి ఎవరూ చూపించరు, పరుపు కింద దాస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. తిట్టడం మాని, మంచాలకు దూరంగా ఒక చార్జింగ్ బల్ల, దాని పక్కన ఒక ఇసుక బకెట్ పెట్టించండి. సైటులో ఇసుకకు కరువా?

ఈ రాత్రి పడుకునే ముందు మీ ఫోన్ కవర్ తీసి బల్ల మీద ఒకసారి తిప్పి చూడండి. పై బెర్తులో తమ్ముడి ఫోన్ కూడా అడిగి చూడండి.