గొంతులు వినబడితే దయ్యమూ కాదు, వణుకు వస్తే నాటకమూ కాదు

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. అక్షరం తప్పు పడితే సర్దుకోండి, విషయం మాత్రం వదలకండి.

పోయిన నెల కూటంలో ఒక తీర్మానం వచ్చింది. తాగే వాళ్ళను ఇంట్లో మూడు రోజులు గదిలో పెట్టి గడియ వేయాలట, నాలుగో రోజు గుడిలో ప్రమాణం చేయించాలట. చాలామంది చేతులెత్తారు. నేను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో అక్కడ చెప్పడానికి నోరు రాలేదు, ఇక్కడ రాస్తున్నాను.

నాకు రెండు ఇండ్ల సంగతి తెలుసు. రెండూ తాగుడే. ఊరు మాత్రం రెండింటికీ ఒకే పేరు పెట్టింది, "దయ్యం పట్టింది" అని. తమిళంలో "పేయ్" అంటారు. కానీ ఆ రెండు జబ్బులూ వేరు. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే మనిషి పోతాడు.

మొదటిది మా అక్క కొడుకు. వయసు 38. పదిహేనేళ్ళుగా రోజుకు రెండు క్వార్టర్లు, పండగ వస్తే మూడు. ఒకరోజు డబ్బు లేక సగమే తాగాడు. మరుసటి రాత్రి పెరట్లో ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారన్నాడు. తనతో కాదు, తన గురించి. "వీడు పనికిరాడు, ఈ రాత్రే ముగించేద్దాం" అంటున్నారట. లైటు వేసి చూస్తే ఎవరూ లేరు. అయినా గొంతులు ఆగలేదు. మూడో రోజుకు పక్కింటి వాళ్ళే మనుషుల్ని పెట్టారని, భార్య వాళ్ళతో కలిసిందని నిశ్చయించుకున్నాడు. తలుపు వెనక మచ్చుకత్తి పెట్టుకుని కూర్చున్నాడు.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఈ పొద్దు ఏం వారం రా?" అంటే సరిగ్గా చెప్పాడు. "నేనెవర్ని?" అంటే "ఏం మామా, నాకు పిచ్చి అనుకున్నావా?" అన్నాడు. పిల్లల స్కూలు ఫీజు ఎంత బాకీ ఉందో కూడా చెప్పాడు. ఒళ్ళు వేడి లేదు, చేతులు పెద్దగా వణకలేదు. బుద్ధి తెలివిగానే ఉంది, చెవి మాత్రం అబద్ధం చెబుతోంది. డాక్టర్లు దీన్ని ఆల్కహాలిక్ హాలూసినోసిస్ అంటారు, మద్యం వల్ల వచ్చే సైకోసిస్‌లో ఒక రకం. తాగుతూ ఉండగానే రావచ్చు, తగ్గించిన ఒకటి రెండు రోజుల్లో కూడా రావచ్చు.

ఇంట్లో వాళ్ళు పదకొండు రోజులు తాయెత్తులు, వేపాకులు చూశారు. ఆ పదకొండు రోజుల్లో అతను బావిలో దూకబోయాడు, ఒకసారి భార్య మీద కత్తి ఎత్తాడు. ఈ జబ్బులో ప్రాణభయం జ్వరం వల్ల కాదు, ఆ భయంతో మనిషి చేసే పని వల్ల. చివరికి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాం. గొంతులు తగ్గడానికి మాత్ర, బలానికి తయామిన్ సూది ఇచ్చారు, తాగుడు ఆపించారు. మూడు వారాల్లో గొంతులు పోయాయి. చాలామందికి ఇలా రోజుల్లో, వారాల్లో పోతుంది. ఆపిన నెల దాటినా గొంతులు ఉంటే, తాగుడుకు ముందే మొదలై ఉంటే, అది వేరే జబ్బేమో అని డాక్టరు మళ్ళీ చూడాలి. మళ్ళీ తాగితే మళ్ళీ వచ్చే ప్రమాదం ఉంది. మావాడికి వచ్చింది కూడా.

రెండోది నాతో గూడ్సు ఆఫీసులో పనిచేసిన ఒక మిత్రుడు. అతన్ని మాన్పించాలని అన్నదమ్ములు అచ్చం మన తీర్మానంలో ఉన్నట్టే చేశారు. గదిలో పెట్టి గడియ వేశారు. మొదటి రోజు వణుకు, వాంతి, నిద్ర లేదు. రెండో రోజు ఫిట్సు వచ్చింది. "నాటకం" అన్నారు. మూడో రాత్రి నేను చూడబోయాను. నన్ను గుర్తుపట్టలేదు. చొక్కా చెమటతో తడిసిపోయింది, ఒళ్ళు కాలుతోంది, గుండె పరుగు తీస్తోంది. గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో తుడుస్తున్నాడు. ఉన్నట్టుండి నేల మీద లేని కాగితాల మీద సీలు గుద్దడం మొదలుపెట్టాడు. "వ్యాగన్ ఎదురుచూస్తోంది, ఇన్వాయిస్ ఎక్కడ?" అని అరిచాడు. రిటైరై నాలుగేళ్ళయింది, అతను ఆఫీసులోనే ఉన్నాడు. తెల్లవారేలోపు పోయాడు.

దీని పేరు డెలీరియం ట్రెమెన్స్. ఆ పేరు పెట్టింది థామస్ సట్టన్ అనే ఇంగ్లీషు డాక్టరు, 1813లో. రెండు వందల ఏళ్ళ కిందటే పుస్తకంలో ఎక్కిన జబ్బును మనం ఇంకా నాటకం అంటున్నాం. ఇందులో తేదీ, చోటు, మనిషి అన్నీ కలగాపులగం అవుతాయి. గొంతుల కంటే కంటికి కనబడేవే ఎక్కువ. సాధారణంగా చివరి గుక్క తర్వాత రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు వస్తుంది. అంటే మనం గడియ వేయమంటున్న ఆ మూడు రోజులే. వైద్యం లేకపోతే నూటికి పదిహేను మంది, కొన్ని లెక్కల్లో ఇంకా ఎక్కువ మంది పోతారు. ఆస్పత్రిలో సమయానికి చూస్తే నూటికి ఐదుగురి లోపే.

కారణం అర్థం చేసుకుంటే కష్టం కాదు. మద్యం మెదడును అణిచి ఉంచుతుంది. ఆ అణచివేతకు ఎదురుగా మెదడు ఏళ్ళ తరబడి జోరు పెంచుకుంటుంది. ఒక్కసారిగా మద్యం తీసేస్తే జోరు మిగులుతుంది, బ్రేకు ఉండదు. ఆస్పత్రిలో లోరాజెపామ్, డయాజెపామ్ లాంటి మందులు ఆ బ్రేకును వేసి, రోజురోజుకూ మెల్లగా వదులుతాయి. గొంతులకు ఇచ్చే మాత్ర ఒక్కటే ఇక్కడ ఇస్తే చాలదు, ఫిట్సుకు దారి తీయవచ్చు కూడా. అందుకే ఏది ఏదో తెలియాలి అంటున్నాను.

ఇది మన ఊరి కథ మాత్రమే కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి మద్యం షాపులు మూసినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం వరుస కట్టారు. వణుకు, ఫిట్సు, మతి తప్పి మాట్లాడటం. ఆ షాపుల మీద ఎవరూ దయ్యాన్ని వదలలేదు. ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చిన జబ్బు అది.

"అయితే తాగుతూ ఉండమంటావా?" అని ఒక అన్న ఫోనులో అడిగాడు. లేదన్నా. ఆపాలి, డాక్టరు చేతిలో ఆపాలి. ఏళ్ళుగా రోజూ తాగేవాడికి, ముందొకసారి ఫిట్సు వచ్చినవాడికి ఇంట్లో ఆపించడం ప్రాణంతో ఆట.

ఇంట్లో ఎవరికైనా ఇలా వస్తే మూడు పనులు చేయండి. ఏం వారం, ఎక్కడున్నావు, నేనెవరు అని అడగండి. రెండు చేతులూ చాచమనండి. నుదుటి మీద చెయ్యి పెట్టండి. జవాబు తప్పి, వణుకు, చెమట, వేడి ఉంటే ఆ నిమిషమే 108. జవాబు సరిగ్గా చెప్పి, గొంతులు వినబడుతున్నాయంటే, వాదించవద్దు, కత్తి, కొడవలి, పురుగుల మందు దాచి, ఆ పొద్దే మానసిక వైద్యుడి దగ్గరికి. రాత్రి వేళ దారి తెలియకపోతే 14416 టెలి మానస్, తమిళంలో మాట్లాడతారు. ఇంకొకటి: ఈ పొద్దు గొంతులు వింటున్నవాడు తాగుడు ఆపి ఉంటే, వచ్చే మూడు రోజుల్లో రెండో జబ్బులో పడవచ్చు. కాబట్టి పూటపూటకూ ఆ మూడు ప్రశ్నలూ మళ్ళీ అడగండి.

తీర్మానం వెనక్కి తీసుకోవాలని అడుగుతున్నాను. గుడి ప్రమాణానికి నేను అడ్డం కాదు, అది ఆస్పత్రి నుంచి వచ్చాక పెట్టుకుందాం. గడియ మాత్రం వద్దు. నా మిత్రుడి గదికి బయటి నుంచి వేసిన గడియ నేనే తీశాను. ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది, అది మాత్రం జబ్బు కాదు.