పాయింటు తర్వాత ఉన్నది సెంట్లా, గుంటలా?

ఆంధ్రప్రదేశ్ స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ ఉన్నతాధికారి గారికి,

తిరువూరు వైపు పొలం అమ్మకానికి ఉందని ఖమ్మం వాసికి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చిందనుకుందాం: ‘2.20, మొత్తం 55 లక్షలు’. ఆంధ్రలో రాసినవారికి అది 2 ఎకరాల 20 సెంట్లు. తెలంగాణలో చదివేవారికి 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు.

ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. కాబట్టి కొనేవారు ఎకరం 22 లక్షలే అనుకుంటారు. నిజానికి పడేది 25 లక్షలు. తేడా 30 సెంట్లు, అంటే 1,452 గజాలు.

పాయింటు తర్వాత 40 గానీ అంతకు మించి గానీ ఉంటే అవి గుంటలు కావని తెలిసిపోతుంది, 39 గుంటలు దాటితే ఎకరమే కాబట్టి. అంతకంటే తక్కువ ఉన్నప్పుడే చిక్కు. అప్పుడు ‘మొత్తం ఎన్ని గజాలు?’ అని అడిగి రాయించుకోవాలి. పై మెసేజ్ విషయంలో సెంట్లయితే 10,648, గుంటలయితే 12,100 అని జవాబు రావాలి. ఆ అంకెను అడంగల్‌లోని విస్తీర్ణంతో పోల్చుకుంటే సరిపోతుంది.

మీకు నా విన్నపం రెండు మాటలే. సరిహద్దు మండలాల సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ఈ లెక్కను బోర్డు మీద రాయించండి. ఎకరాల్లో రాసిన ప్రతి దస్తావేజులో సెంట్లు అన్న మాటతోపాటు మొత్తం గజాలు కూడా ఉండేలా నమూనా మార్చండి.

ఇట్లు,
సరిహద్దు గ్రామ రైతు